బురుల్ సందు

బురుల్ పళ్ళ డాక్టరు. ఓష్ బజారుకి రెండు వీధుల ఇవతల, మందుల షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుని బిష్కెక్ జనాల పళ్ళు బాగుచేస్తూ ఉంటుంది. చెయ్యి నెమ్మది, మాట తీపి. ఎంత పిరికివాడైనా ఆవిడ కుర్చీలో కూర్చుంటే నోరు తెరుస్తాడని పేరు. ఆ నెమ్మదంతా క్లినిక్ గుమ్మం దాకానే. సాయంత్రం తాళం వేసి, పక్క వీధిలో నేలకింద ఉన్న కంప్యూటర్ క్లబ్బులోకి దిగిందంటే, ఇంకో మనిషి.

ఆ క్లబ్బు ఎసెన్‌ది. యాభై దాటిన మనిషి, గుండ్రటి పొట్ట, ఎప్పుడూ అదే, చెక్కతో చేసినట్టు బిగుసుకుపోయిన నీలం జాకెట్టు. ఊళ్ళో కుర్రకారంతా ఆయన్ని, అన్నా అనే అర్థంలో, ఎసెన్ బాయ్‌కే అంటారు. బురుల్‌కి పన్నెండేళ్ళప్పుడు ఆయన క్లబ్బులోనే "మూగ గంట" అనే గేమ్ తగులుకుంది. దొంగ సీడీలో వచ్చిన గేమ్ అది. రష్యన్‌లోకి మార్చినవాడెవడో గాని, రాజూ రాణీ మేకా అందరికీ ఒక్కడే గొంతు ఇచ్చాడు, అదీ జలుబు చేసిన గొంతు. కథ చిన్నది. ఒక ఊరి గంటకి నాలుక పోయింది. ఆ నాలుక ఏరు అవతల మఠంలో ఉంది. ఒక కుర్రాడు వెళ్ళి దాన్ని తెచ్చి, గోపురం ఎక్కి, అడ్డొచ్చిన పొగమంచు భూతాన్ని కొట్టి, గంటకి తగిలించి మోగించాలి. అంతే. మామూలుగా ఆడితే ఒక ఆదివారం సరిపోతుంది.

బురుల్, ఎసెన్ మామూలుగా ఆడరు. మొదటి మీట నొక్కిన క్షణం నుంచి గంట మోగే క్షణం దాకా గడియారం పెట్టి, ఎవరు ముందు మోగిస్తారా అని ఆడతారు. ప్రపంచం మొత్తం మీద ఈ పిచ్చి ఈ గేమ్ మీద ఉన్నవాళ్ళు పాతికమందికి మించరు. ఒకడు పోలండ్‌లో, ఇద్దరు బ్రెజిల్‌లో, మిగతావాళ్ళు ఎక్కడెక్కడో. పట్టికలో అందరికన్నా పైన ఎసెన్ పేరు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది, జాకెట్టులాగే. దాని కింద బురుల్ పేరు, అదీ అలాగే.

"రెండో స్థానం మంచిదేనమ్మాయ్. గాలి తక్కువ తగులుతుంది" అనేవాడు ఎసెన్, టీ పోస్తూ.

ఆవిడ నవ్వేది. ఇంటికెళ్ళి దిండుని గుద్దేది.

ఈ ఆటలో అందరికీ ఒళ్ళు మండేది ఊబి. ఊరు దాటి, కనుమలో ముగ్గురు దొంగల్ని తప్పించుకుని, పాత పిండిమర దగ్గరికి వస్తే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు మర, అక్కడ ఏమీ లేదు. ఎడమవైపు ఊబి. నాలుగు నిమిషాల పాటు మోకాలిలోతు బురదలో, ఎక్కడ అడుగు వేస్తే ఎక్కడ దిగబడతామో గుర్తుపెట్టుకుని ఈదుకుంటూ పోవాలి. పాట కూడా ఒకటే, కప్ప బెకబెకల పాట. బురుల్‌కి ఆ బెకబెకలు కలలోకొచ్చేవి. డ్రిల్లు తిప్పుతున్నప్పుడు కూడా వినిపించేవి.

వసంతం మొదట్లో ఒక సాయంత్రం, విసుగుపుట్టి, ఊబివైపు పోకుండా మరవైపు పోయింది. అక్కడ ఒక తోపుడుబండి ఉంది, పిండి బస్తాలు మోయడానికని పెట్టింది, ఎవరికీ ఏ పనికీ రానిది. దాన్ని గోడమూలకి నెట్టి, పైకెక్కి, కిందికి వంగి, మళ్ళీ నెట్టింది. ఎందుకు చేసిందో తనకే తెలియదు, ఊరికే పెన్ను మూత కొరికినట్టు. బండికీ గోడకీ మధ్య ఇరుక్కున్న కుర్రాడు గోడలోంచి అవతలికి జారిపోయాడు. అవతల లోకమే లేదు. నల్లటి శూన్యం. అందులోకి పడ్డాడు, పడ్డాడు, పడుతూనే ఉన్నాడు. ఇలా లోకంలోంచి జారిపోయినవాణ్ణి గేమ్ ఊరికే వదలదు, దగ్గర్లో ఉన్న గట్టినేల ఎక్కడుందో చూసి అక్కడ నిలబెడుతుంది. మర గోడకి అటువైపు దగ్గర్లో ఉన్న గట్టినేల ఏరు అవతలి ఒడ్డు.

అంటే ఊబి మొత్తం గాలికిపోయింది.

బురుల్ కుర్చీలోంచి లేచి నిలబడింది. పక్క కుర్చీలో ఉన్న తిలెక్‌ని భుజం పట్టుకుని ఊపింది. తిలెక్ బ్యాంకులో పనిచేస్తాడు, ఇరవైయేడేళ్ళు, ఈ గేమ్ ఆడడు, ఆడేవాళ్ళని చూస్తాడు. ఏ గోడ ఎందుకు గోడ అయిందో, ఏ దెబ్బకి ఎంత ప్రాణం పోతుందో గేమ్ లోపలికి తొంగిచూసి తెలుసుకోవడం అతని సరదా. ఆవిడ మూడుసార్లు చేసి చూపించాక, "ఎజే, దీనికి నీ పేరే పెట్టాలి" అన్నాడు. ఎజే అంటే అక్క. ఆ రోజు నుంచి ఆ మూలకి బురుల్ సందు అని పేరొచ్చింది.

మరుసటి వారం వీధికుక్కల ఆశ్రమం కోసం చందాలు పోగుచేసే ఆటల పండగ పోస్టర్లు అచ్చుకి వెళ్తున్నాయి. కాలేజీ హాలు అద్దెకు తీసుకుని రెండు రోజులు రకరకాల గేములు వేగంగా ఆడతారు, జనం చూస్తారు, నెట్‌లోనూ చూస్తారు, డబ్బు వేస్తారు. బురుల్ ఆగలేకపోయింది. నిర్వాహకులకి ఫోన్ చేసి, ఎసెన్‌తో పక్కపక్కనే పోటీ పెట్టమంది, "ఊబి లేని మూగ గంట" అని పెద్దక్షరాల్లో వేయమంది. వేశారు. పోస్టరు మీద ఒక కప్ప బొమ్మ, దాని మీద ఎర్రగా అడ్డగీత.

ఎసెన్ ఆ పోస్టరు చదివాడు. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారైనా ఆడి చూశావా అని అడిగాడు.

ఆడలేదు. సందు దాకా ఆడింది, సందు నుంచి అవతలి ఒడ్డు దాకా ఆడింది, ఆ ముక్కని వందసార్లు ఆడింది. గడియారంలో ఆ ముక్క ప్రతిసారీ పచ్చగా మెరిసేది, మూడు నిమిషాలకి పైనే మిగిలినట్టు. ఇంకేం కావాలి? ఎసెన్‌కి కుళ్ళు అనుకుంది. ఆ సాయంత్రమే మొదటినుంచి మొదలుపెట్టింది.

ఊరు, కనుమ, మర, సందు, ఒడ్డు, మఠం. గంట నాలుక చేతికి దొరికింది. గడియారం అంతా పచ్చదనమే. ఇక చచ్చిపోవాలి.

ఇక్కడ చావంటే నష్టం కాదు, బస్సు టికెట్టు. ఈ గేమ్‌లో చచ్చినవాడు చివరిసారి పడుకున్న మంచం మీద లేస్తాడు. మంచం ఊళ్ళో, గోపురం పక్క సత్రంలో ఉంది. చచ్చినా చేతిలో సరుకు పోదు. అందుకని నాలుక దొరకగానే అక్కడికక్కడే చచ్చిపోతే, తిరుగు ప్రయాణం అక్కర్లేకుండా కన్నుమూసి తెరిచేసరికి గోపురం ముందుంటాం. ఈ కిటుకు ఎసెన్ కనిపెట్టిందే, ఇప్పుడు అందరూ అదే చేస్తారు.

బురుల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్రాడు చచ్చిపోతాడని ఎదురుచూసింది. కుర్రాడు చావలేదు. మఠం మెట్ల మీద నిలబడి, చల్లగాలికి జుట్టు ఎగురుతూ, ఎర్రగా నిండుగా మెరుస్తున్న ప్రాణంతో, ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా ఉన్నాడు.

"వీడేంటి ఇంకా ఉన్నాడు?" అంది.

ఎసెన్ వెనక నిలబడి ఉన్నాడు. గొంతులో నవ్వు బయటికి రాకుండా టీ తాగాడు.

"జలగ ఏదమ్మాయ్?"

అప్పుడు గుర్తొచ్చింది. ఊబి మొదట్లోనే, గట్టుకి దగ్గరగా, లోతులేని నీళ్ళలో జలగలుంటాయి. ఒకటి కరిచిందంటే విషమెక్కి, ప్రాణం బొట్టుబొట్టుగా కారిపోతుంది. తెలియనివాళ్ళు మందు వాడతారు. గడియారం పెట్టి ఆడేవాళ్ళు మందు వాడరు, కావాలనే కరిపించుకుంటారు. ఆ విషంతోనే ఊబి ఈది, ఒడ్డెక్కి, మఠంలో నాలుక అందుకున్న మరుక్షణం ప్రాణం పోయేలా లెక్క కుదిరింది. ఇన్నేళ్ళుగా చేతులు వాటంతటవే చేస్తున్న పని కాబట్టి, బురుల్ బుర్ర దాన్ని ఊబిలో భాగమని మర్చిపోయింది. ఊబి పోతే జలగా పోయింది. జలగ పోతే చావూ పోయింది. ఇప్పుడా కుర్రాడు వచ్చిన దారినే నడిచి ఊరికి పోవాలి. సందు ఇటునుంచి పనిచెయ్యదు, తోపుడుబండి మర దగ్గరే ఉంది. అంటే తప్పించుకున్న ఊబినే ఇప్పుడు ఎదురుగా ఈదాలి, ఆపైన కనుమ, ఆపైన ఊరు.

నడిచింది. గడియారంలో పచ్చదనం తెల్లబడి, తెలుపు ఎర్రబడింది. గంట మోగేసరికి ఆవిడ మామూలుగా పట్టే టైముకన్నా అయిదు నిమిషాలు ఆలస్యం.

"ఒక ముక్కలో ఎంత మిగిలిందని చూసుకుని మురిసిపోకూడదు" అన్నాడు ఎసెన్, ఈసారి ఎగతాళి లేకుండానే. "అక్కణ్ణించి బయటికొచ్చేటప్పుడు ఒంటి మీద ఏముందో చూసుకోవాలి. నేను ఊబి దాటడానికి ఊబిలోకి పోవట్లేదు. విషం కోసం పోతున్నాను. దాటడం దారిలో పని."

పండగ పదిహేను రోజుల్లో ఉంది. పోస్టర్లు ట్రాలీ బస్సుస్టాపుల్లో అంటించేశారు.

ఇక ఆ వారమంతా క్లబ్బులో ఒకటే పని, ఒక ఆరోగ్యవంతుణ్ణి మఠంలో చంపడం. బురుల్ కుర్రాణ్ణి మఠం గోపురం మీంచి దూకించింది. ఈ గేమ్‌లో ఎంత ఎత్తునుంచి పడ్డా మోకాళ్ళు దులుపుకుని లేస్తాడు. ఏట్లోకి తోసింది. బెండులా తేలాడు. వంటింట్లో పొయ్యిలో నిలబెట్టింది. ఆ జలుబు గొంతువాడు "వేడిగా ఉంది" అన్నాడు, అంతే. ముసలి సన్యాసిని కర్రతో కొట్టింది, తిరిగి కొడతాడేమోనని. ఆయన క్షమించాడు. మళ్ళీ కొట్టింది. ఆయన మళ్ళీ క్షమించి, తేనె పెట్టాడు. ఆ తేనెకి ప్రాణం ఇంకా పెరిగింది.

"ఇంత మంచివాళ్ళని నేనెక్కడా చూడలేదు" అంది బురుల్ కచ్చగా.

తిలెక్ గేమ్ లోపలంతా వెతికి, ఆ ఒడ్డున ప్రాణం తీసే వస్తువు ఒక్కటీ లేదని తేల్చాడు. దాంతోపాటు ఒక ఉపాయమూ చెప్పాడు. చావు అవతల దొరకనప్పుడు ఇవతలినుంచి మోసుకుపోవాలి. ఊబి గట్టు దాకా వెళ్ళి, ఒక జలగతో కరిపించుకుని, వెనక్కి వచ్చి సందులో దూకాలి. గట్టు నుంచి మర ఎంతో దూరం లేదు.

అది విని బురుల్ తిలెక్ నుదుటి మీద ముద్దు పెట్టినంత పని చేసింది. ఆడింది. జలగ కరిచింది, వెనక్కొచ్చింది, సందు దూకింది, మఠం చేరింది, నాలుక అందుకుంది. ఎసెన్ కన్నా రెండు నిమిషాలకి పైగా ముందు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కుర్రాడికి సగం ప్రాణం మిగిలే ఉంది. బొట్టు, బొట్టు, బొట్టు. అలా రెండు నిమిషాలకి పైగా మఠం మెట్ల మీద కూర్చుని, ఎసెన్ ఊబి ఈదొచ్చి ఎప్పుడు చచ్చేవాడో సరిగ్గా అప్పుడే చచ్చాడు.

తిలెక్ రెండు టైములూ పక్కపక్కన రాసి చూశాడు, రెండూ ఒకటే.

తప్పు ఎక్కడుందో అందరికన్నా ముందు ఎసెన్‌కే తట్టింది. నిండు ప్రాణం మీద విషం పనిచేయడానికి ఎంతసేపు పడుతుందో అంతే పడుతుంది, కుర్రాడు ఊబిలో ఈదనీ, సందులో దూకనీ, మఠంలో కూర్చోనీ. గడియారం జలగ దగ్గర మొదలవుతుంది, జలగ ఇద్దరికీ ఒకటే. దగ్గరిదారి పట్టుకుని ముందు చేరితే ఒరిగేదేమిటంటే, కూర్చోవడానికి కాస్త టైము.

"చావు తన టైముకే వస్తోంది ఎజే" అన్నాడు తిలెక్.

ఆ మాట బురుల్‌ని రెండు రోజులు వేధించింది. మూడో రోజు, ఒక తాతగారికి దవడపన్ను శుభ్రం చేస్తుండగా, బుర్రలో దీపం వెలిగింది. రెండు చేతులకీ పని ఉంది కాబట్టి ఫోన్ స్పీకరులో పెట్టి తిలెక్‌కి చేసింది.

"మనం తప్పు చోట వెతుకుతున్నాం. విషం త్వరగా ఎక్కదు. కానీ మనిషే ముందు నుంచీ సగం చచ్చి ఉంటే?"

"అంటే విషం ఎక్కించే ముందే కొట్టాలంటావా?"

"రెండు దెబ్బలు. కర్రతో. సగం ప్రాణం పోవాలి, ఎక్కువ పోకూడదు. తర్వాత జలగ. నేను ఇన్నాళ్ళూ అనవసరంగా తప్పించుకు తిరగనిచ్చాను."

తాతగారు నోరు తెరిచే ఉన్నాడు, కళ్ళు మాత్రం గుమ్మం వైపు తిరిగాయి. ఆవిడ పరికరం మార్చుకోవడానికి పక్కకి తిరగ్గానే కుర్చీలోంచి దిగి, మెడలో గుడ్డతో సహా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వాళ్ళావిడ మర్నాడు వచ్చి ఆ గుడ్డ ఉతికి ఇచ్చింది, మిగతా పని వేరే డాక్టరు దగ్గర చేయించుకుంటామని మర్యాదగా చెప్పింది.

ఉపాయం మాత్రం సరైనదే. కనుమలో ముగ్గురు దొంగలున్నారు. ఒక్కొక్కడి దెబ్బకి పావు ప్రాణం పోతుంది. ఇన్నేళ్ళుగా ఎవరైనా ముగ్గుర్నీ తప్పించుకుని నిండు ప్రాణంతో ఊబి చేరేవారు, ఊబిలో ఆ ప్రాణమంతా కావాలి కాబట్టి. సందు దారిలో వెళ్ళేవాడికి సగం చాలు. సగం ప్రాణం మీద విషం సగం టైములోనే పని ముగిస్తుంది. కాబట్టి ఇద్దరి చేతిలో దెబ్బలు తిని, మూడోవాణ్ణి తప్పించుకుని, జలగ కరిపించుకుని, సందు దూకితే, నాలుక అందుకోవడమూ చావూ మళ్ళీ కలుస్తాయి. ఒక్క ఊబి తీసేసినందుకు, ఊబికన్నా ముందున్న కనుమని కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

చిక్కు ఒకటే. పాత దారిలో ఎంత లెక్కుందో ఇందులోనూ అంతే ఉంది, ఒక్క అడుగు కూడా చేజారడానికి లేదు. సందు ఒక్కసారికే పడాలి. బండి సరిగ్గా నెట్టకపోతే కుర్రాడు గోడకి కొట్టుకుని వెనక్కి పడతాడు, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆలోపు బొట్లు కారిపోతాయి. నాలుక ముట్టకముందే చస్తే, మంచం మీద వట్టి చేతులతో లేస్తాడు. బురుల్‌కి సందు అయిదింటికి నాలుగుసార్లు పడుతోంది. అయిదోది హాలులో రాకూడదని కోరుకోవడం మినహా ఇంక చేయగలిగింది లేదు.

పండగ రోజు హాలు నిండింది. బురుల్ వాళ్ళమ్మ ముందు వరుసలో కూర్చుంది, ఒళ్ళో బూర్సోక్‌ల గిన్నె, నూనెలో వేయించిన ఆ పిండిముద్దలు లేకుండా ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు. వేదిక మీద రెండు తెరలు, రెండు కుర్చీలు. పక్కన సోఫాలో మైకు పట్టుకుని తిలెక్, జరుగుతున్నది జనానికి విడమరిచి చెప్పడానికి. ఎసెన్ జాకెట్టు ఇస్త్రీ చేయించుకొచ్చాడు.

"బాయ్‌కే, ఇవాళ గాలి గట్టిగా తగలబోతోంది" అంది బురుల్ కూర్చుంటూ.

"చలి తట్టుకునే ఒళ్ళమ్మాయ్ ఇది" అన్నాడు ఆయన.

ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు. కనుమ దగ్గర ఎసెన్ కుర్రాడు దొంగల మధ్యనుంచి పాములా జారిపోయాడు. బురుల్ కుర్రాడు మొదటి దొంగకి ఎదురెళ్ళి నిలబడ్డాడు. దొంగ కొట్టాడు. హాలంతా అయ్యో అంది. తిలెక్ మైకులో, కంగారు పడొద్దు, ఇది ఆవిడ కోరుకున్నదే అన్నాడు. రెండోవాడూ కొట్టాడు. కొంతమంది చప్పట్లు కొట్టారు. బురుల్ వాళ్ళమ్మ పక్కావిడతో, మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ అంతే, మాట వినదు అంది.

జలగ కరిచింది. బురుల్ మరవైపు తిరిగింది, ఎసెన్ ఊబిలోకి దిగాడు. బండి నెట్టింది, ఎక్కింది, వంగింది, నెట్టింది. కుర్రాడు గోడకి కొట్టుకుని వెనక్కి పడ్డాడు.

అయిదోది.

ఆవిడ వెంటనే బండి సర్దింది. మళ్ళీ నెట్టింది, ఈసారి సందు పడింది. శూన్యం, ఒడ్డు, మఠం, మెట్లు. బొట్టు, బొట్టు. గంట నాలుక ఎర్ర గుడ్డ మీద మెరుస్తోంది. కుర్రాడు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, మనిషి పడిపోయాడు. ఊళ్ళో మంచం మీద లేచాడు, నిండు ప్రాణంతో, వట్టి చేతులతో.

హాలు గొల్లుమంది. ఆ నవ్వుకి ఎసెన్ ఒక్క క్షణం పక్క తెర వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. ఊబి మధ్యలో, అడుగు ఎక్కడ వేస్తే దిగబడతామో ఆయనకన్నా బాగా తెలిసినవాడు లేడు, కళ్ళు మూసుకుని దాటగలడు. పక్కకి చూస్తూ మాత్రం దాటలేడు. కుర్రాడు నడుం దాకా దిగబడ్డాడు. లాక్కుని బయటపడ్డాడు గాని, విషం ఆగదు కదా. ఎసెన్ మెట్లెక్కాడు, గుడ్డ దగ్గరికి చేరాడు, ఇంకొక్క అడుగుందనగా పడిపోయాడు. బురుల్ పడినచోటే.

ఇన్నేళ్ళలో ఆయన అక్కడ నాలుక లేకుండా చావడం జనం చూడటం అదే మొదటిసారి.

అప్పటికి బురుల్ కుర్రాడు రెండోసారి జలగ దగ్గరికి చేరి కరిపించుకుని సందువైపు తిరిగాడు. తిలెక్ మైకులో చెప్పాడు, కనుమలో దొంగలు ఒకసారి వచ్చిపోతే మళ్ళీ రారు, అందుకని ఇప్పుడు ఆవిణ్ణి కొట్టేవాడు లేడు, నిండు ప్రాణంతోనే వెళ్తోంది, సందు దూకినా టైమేం కలిసిరాదు అని. ఆ మాట నిజమే. కానీ బురుల్‌కి ఇంకోటి తెలిసింది, తెరమీద తెలిసింది, భుజాల్లో తెలిసింది. ఇప్పుడు తొందర లేదు. సందు ఒకసారి పడకపోయినా పరవాలేదు, రెండుసార్లు పడకపోయినా పరవాలేదు. ఆ ఆలోచన రాగానే సందు మొదటిసారికే పడింది.

మఠం చేరి, నాలుక అందుకుని, కుర్రాణ్ణి మెట్ల మీద నిలబెట్టి, మీటలు వదిలేసింది. ఇక చేయాల్సింది చావు కోసం కూర్చోవడమే. జనం నవ్వడం మొదలుపెట్టారు. ఏం జరుగుతోందో తెలియకపోయినా, కూతురు ఖాళీగా కూర్చుందని మాత్రం అర్థమై, వాళ్ళమ్మ లేచి వేదిక దగ్గరికొచ్చి గిన్నె అందించింది. బురుల్ ఒక బూర్సోక్ తీసుకుంది. టీ కూడా వచ్చింది ఎక్కణ్ణించో.

పక్కన ఎసెన్ మెడ మీద చెమటతో ఊబి ఈదుతున్నాడు. కప్పలు బెకబెకమంటున్నాయి.

"తింటావా బాయ్‌కే?" అంది.

"చేతులు ఖాళీ లేవు."

"నోట్లో పెట్టనా?"

ఆయన తెరమీంచి చూపు తిప్పకుండానే నోరు తెరిచాడు. డాక్టరు కాబట్టి గురి తప్పలేదు. చందాల లెక్క చూపించే పలక ఒక్కసారిగా పైకి ఎగబాకింది, ఎవరో ఆ బూర్సోక్ కోసమే డబ్బు పంపామని రాశారు.

తర్వాత బురుల్ కుర్రాడు నింపాదిగా చచ్చిపోయాడు, మంచం మీద నాలుకతో లేచాడు, గోపురమెక్కి భూతాన్ని కొట్టి గంట మోగించాడు. ఎసెన్ గంట ఆ తర్వాత దాదాపు మూడు నిమిషాలకి మోగింది. బురుల్ ఆయన్ని గెలవడం అదే మొదటిసారి. వచ్చిన టైము మాత్రం, నేర్చుకుంటున్న రోజుల్లో కూడా ఆవిడకి అంత చెడ్డ టైము రాలేదు. సంతోషపడాలో ఏడవాలో తెలియక, మెడలో వేసిన పూలదండ సర్దుకుంటూ నిలబడింది. ఎసెన్ వచ్చి చెయ్యి కలిపి, నేను ఊబిలో ఉన్నంతసేపూ నువ్వు నిజంగా ఊరికే కూర్చున్నావా అని అడిగాడు. కూర్చున్నానంది.

"మీటల మీద చేతులు కూడా పెట్టకుండా?"

"టీ గ్లాసు మీద పెట్టాను."

ఆయన గిన్నెలోంచి ఇంకో బూర్సోక్ తీసుకున్నాడు.

ఆ తర్వాత సంగతులు త్వరగానే జరిగాయి. బూర్సోక్ వీడియో ఊరూరా తిరిగింది. పోటీల్లో ఆడేవాళ్ళు చాలామంది నిండు ప్రాణంతో సందు దూకే దారికి మారిపోయారు. అది ఊబి దారికన్నా ఒక్క క్షణం కూడా తక్కువ కాదు, కానీ తప్పు చేయడానికి రెండు నిమిషాల జాగా ఇస్తుంది, చేతులు వణకవు. రికార్డు కావాలనుకున్నవాళ్ళు మాత్రం రెండు దెబ్బల దారి పట్టారు. వేసవి పూర్తయ్యేలోపు పోలండ్‌లో ఉన్నవాడు దానితోనే గంట మోగించి, ఎసెన్ పేరు పక్కన ఇన్నేళ్ళూ ఉన్న టైముని రెండు నిమిషాలకి పైగా వెనక్కి నెట్టాడు. ఎసెన్ రెండో స్థానానికి దిగాడు. బురుల్ మూడోది.

ఆ వార్త వచ్చిన సాయంత్రం క్లబ్బులోకి వెళ్ళేసరికి ఎసెన్ జాకెట్టు విప్పి కుర్చీకి తగిలించి ఉంది. ఆయన చొక్కా చేతులు మడుచుకుని కనుమలో ఉన్నాడు. మొదటి దొంగ కర్ర ఎత్తాడు, ఎసెన్ కుర్రాడు చటుక్కున పక్కకి జారిపోయాడు. ఆయన నాలుక చప్పరించి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ కర్ర లేచింది, మళ్ళీ జారిపోయాడు. వేళ్ళు ఆయన మాట వినట్లేదు.

బురుల్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కుర్చీలో బిగుసుకుపోయిన రోగులతో మాట్లాడే గొంతుతో, "భుజాలు వదులు చెయ్యి బాయ్‌కే. వాడు కొడతాడు. కొట్టనీ. ఒక్క క్షణంలో అయిపోతుంది" అంది.

ఎసెన్ గట్టిగా ఊపిరి పీల్చుకుని దొంగకి ఎదురుగా నిలబడ్డాడు. కర్ర లేచింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కుర్రాడు ఎగిరి దొంగ తలమీంచి అవతలికి దూకి, ఒంటి మీద గీత కూడా పడకుండా నిలబడ్డాడు.

"ఇంకోసారి" అంది బురుల్, టీ పోస్తూ.